బిలాలు లెక్కపెట్టి వయసు చెప్పడం: వెయ్యి చదరపు కిలోమీటర్ల లావా నేల లెక్క

(విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు, సైన్సు ఉపాధ్యాయులకు ఇచ్చిన ప్రసంగం. సభలో అడిగిన ప్రశ్నలు బ్రాకెట్లలో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

విజయనగరం నుంచి చీపురుపల్లి సుమారు 30 కిలోమీటర్లు. ఇంచుమించు అంత పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరాన్ని ఊహించుకోండి. దాని విస్తీర్ణం దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్లు. ఈ చదరాన్ని చంద్రుడి మీద, లావా పారి గడ్డకట్టిన ఒక నల్లటి మైదానం మీద పెడదాం. ఆ లావా ఎప్పుడు పారింది? ఈ సాయంత్రం మన పని ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టడం. చంద్రుడి కోసం నేర్చుకున్న పద్ధతి అంగారకుడి మీద ఎక్కడ తడబడుతుందో చివర్లో చూద్దాం.

మన జిల్లా కొండల్లో దొరికే ఖొండలైట్ రాయి వయసు కావాలంటే రాయినే ప్రయోగశాలకు పట్టుకెళ్తాం. అందులోని జిర్కాన్ గింజల్లో యురేనియం ఎంత మిగిలింది, సీసం ఎంత తయారైంది అని కొలుస్తాం. తూర్పు కనుమల రాళ్లకు సుమారు వంద కోట్ల ఏళ్ల కిందటి వేడి, ఒత్తిడి గుర్తులు ఉన్నాయని అలాగే తెలిసింది. చంద్రుడి మీద రాళ్లు చేతికి వచ్చిన చోట్లు పదో పన్నెండో ఉంటాయంతే. 1969 నుంచి 1972 దాకా దిగిన ఆరు అపోలో నౌకలు, సోవియట్ లూనా 16, 20, 24, ఆ తర్వాత చైనా నౌకలు తెచ్చినవే అవి. అంగారకుడి నేల మీద నుంచి ఎవరూ ఇంకా ఒక్క రాయి తేలేదు. మిగతా చోటల్లా మన దగ్గర ఉన్నవి ఫొటోలు మాత్రమే. ఆ ఫొటోల్లో బిలాలు, అంటే అంతరిక్షం నుంచి రాళ్లు పడి చేసిన గుంటలు, ఉంటాయి.

ఇందులో మూల సూత్రం కళ్లం తొక్కిన రైతు ఎవరికైనా తెలిసినదే. పేడతో కళ్లం అలికాక చినుకులు మొదలైతే, నేల మీద చినుకు గుంటలు ఎన్ని పడ్డాయో చూసి వాన ఎంతసేపటి కిందట మొదలైందో చెప్పొచ్చు. మళ్లీ అలికితే గుంటలన్నీ పోయి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. చంద్రుడి మీద లావా పారడమే అలకడం. కాబట్టి బిలాల లెక్క చెప్పేది రాయి పుట్టుక గురించి కాదు, ఆ నేల చివరిసారి ఎప్పుడు చదునైందో ఆ సంగతి. ఈ తేడా చివరిదాకా గుర్తుంచుకోండి. ఇందులో జరిగే తప్పుల్లో సగం దీన్ని మరిచిపోవడం వల్ల వచ్చేవే.

ఇక పనిలోకి దిగుదాం.

అన్నిటికంటే ముందు హద్దు గీయాలి. మనం ఎంచుకున్న చదరమంతా ఒకే లావా ప్రవాహం అయి ఉండాలి. చంద్రుడి మైదానాల్లో వేరువేరు కాలాల్లో పారిన లావాల్లో టైటానియం, ఇనుము పాళ్లు వేరుగా ఉంటాయి. వేరువేరు రంగుల ఫిల్టర్లతో తీసిన చిత్రాలను కలిపి చూస్తే ఒక లావా కాస్త నీలంగా, పక్కది కాస్త ఎర్రగా కనిపిస్తుంది. ఆ రంగు మారే గీత దగ్గరే హద్దు ఆపాలి. ఏటవాలు గుట్టలు, పాత కొండల ముక్కలు హద్దులో ఉంటే కత్తిరించి పక్కన పెట్టాలి. వాలు మీద మట్టి నెమ్మదిగా జారుతూ చిన్న బిలాలను పూడ్చేస్తుంది కాబట్టి అక్కడ లెక్క తక్కువ వస్తుంది.

తర్వాత ఫొటో ఎంపిక. బిలం వ్యాసం కనీసం పది పిక్సెళ్లు ఉంటేనే దాన్ని నమ్మకంగా గుర్తుపట్టి కొలవగలం. అమెరికా వారి ఎల్‌ఆర్‌ఓ నౌకలో విశాల దృశ్యం తీసే కెమెరాకు ఒక పిక్సెల్ అంటే సుమారు వంద మీటర్లు. అందులో 500 మీటర్ల బిలం ఐదు పిక్సెళ్ల మరక. అది సరిపోదు. జపాన్ కగుయా నౌక చిత్రాల్లో పిక్సెల్ పది మీటర్లు, మన చంద్రయాన్-2 టీఎంసీ కెమెరాలో ఐదు మీటర్లు. వాటిలో అదే బిలం యాభై నుంచి వంద పిక్సెళ్ల వెడల్పున స్పష్టంగా కనిపిస్తుంది. సూర్యుడు ఎంత ఎత్తులో ఉండగా తీసిన ఫొటో అన్నది కూడా చూసుకోవాలి. దిగంతం మీద పది నుంచి ముప్ఫై డిగ్రీల ఎత్తులో ఉంటే నీడలు పొడుగ్గా పడి లోతు తక్కువ బిలాలు కూడా బయటపడతాయి. నడినెత్తి ఎండలో తీసిన ఫొటోలో నీడ ఉండదు, అరిగిపోయిన బిలాలు నేలలో కలిసిపోతాయి. ఒకే చోటు తీసిన రెండు ఫొటోల్లో మధ్యాహ్నం ఫొటోను ఎంచుకున్నవారికి నేల వయసు తక్కువని తేలుతుంది.

మూడోది లెక్కింపు. ప్రతి బిలం అంచు మీద మూడు చుక్కలు పెడితే సాఫ్ట్‌వేర్ వృత్తం గీసి వ్యాసం చెబుతుంది. హద్దు గీత మీద పడ్డ బిలాలను ఏం చేయాలన్న దానికి ఒక నియమం పెట్టుకుని దానికే కట్టుబడాలి. కేంద్రం లోపల ఉంటే లెక్కలోకి, బయట ఉంటే లేదు. వరుసలో గొలుసులా ఉన్నవి, గుంపుగా ఒకదాన్నొకటి ఒరుసుకున్నవి, ఒక వైపు సాగి కోడిగుడ్డు ఆకారంలో ఉన్నవి విడిగా గుర్తు పెట్టాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు అంకెలు. మన చదరంలో 500 మీటర్లు, అంతకంటే పెద్ద బిలాలు అన్నీ కలిపి 22 వచ్చాయనుకుందాం. ఇవి నేను పద్ధతి చూపించడానికి పెట్టుకున్న అంకెలు. 22ను వెయ్యితో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 0.022.

ఈ రంగంలో వాడుక ప్రమాణం మాత్రం ఒక కిలోమీటరు, అంతకంటే పెద్ద బిలాల సాంద్రత. దాన్ని N(1) అంటారు. నేరుగా వాటినే లెక్కపెట్టొచ్చు కదా అంటే, వెయ్యి చదరపు కిలోమీటర్లలో అవి ఒకటో రెండో ఉంటాయి. రెండింటి మీద వయసు కట్టలేం. అందుకని చిన్నవాటిని లెక్కపెట్టి పెద్దవాటికి మారుస్తాం. అలా మార్చడం ఎలా కుదురుతుందంటే, అంతరిక్షంలో తిరిగే రాళ్లలో పెద్దవి ఎన్ని, చిన్నవి ఎన్ని అన్న నిష్పత్తి చంద్రుడి మీద ఏ లేత నేలను చూసినా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ నాయ్‌కుమ్, ఆయనతో పనిచేసినవారు ఆ నిష్పత్తిని ఒక పొడుగాటి సూత్రంగా కట్టారు. అందులోంచి మనకు మూడు అంకెలు చాలు. కిలోమీటరు, ఆపైన ఉన్న బిలం ఒక్కటి ఉన్నచోట, 500 మీటర్లు ఆపైన ఉన్నవి 13 ఉంటాయి, 250 మీటర్లు ఆపైన ఉన్నవి 164 ఉంటాయి.

0.022ను 13తో భాగించండి. 0.00169. ఇదీ మన N(1).

(సభలో ఒక విద్యార్థిని: సార్, అందులోంచి సంవత్సరాలు ఎలా వస్తాయి? బిలాలు ఏడాదికి ఎన్ని పడతాయో మనకెలా తెలుసు?)

అక్కడికే వస్తున్నానమ్మా. అది ఫొటోల్లో దొరకదు. దానికి రాయి చేతికి రావాల్సిందే. అపోలో, లూనా దిగిన చోట్ల రాళ్ల వయసులు ప్రయోగశాలలో కొలిచారు. అవే చోట్ల బిలాలను ఫొటోల్లో లెక్కపెట్టారు. ఒక్కో చోటుకి ఒక్కో జత వచ్చింది. ఈ వయసుకి ఇంత సాంద్రత. ఆ చుక్కల గుండా ఒక గీత గీశారు. 2001 నాటికి స్థిరపడి, ఇప్పటికీ ఎక్కువమంది వాడే సూత్రం ఇది. ఇందులో T అంటే వయసు, వంద కోట్ల ఏళ్లలో:

```
N(1) = 5.44e-14 * (exp(6.93*T) - 1) + 8.38e-4 * T
```

చూడటానికి భయంగా ఉన్నా ఇందులో ఉన్నవి రెండే ముక్కలు. రెండోది బారువడ్డీలాగా ఏడాదికింత చొప్పున సమానంగా పెరిగే ముక్క. గత మూడు వందల కోట్ల ఏళ్లుగా రాళ్లు దాదాపు ఒకే వేగంతో పడుతున్నాయని దాని అర్థం. మొదటిది పాతకాలానికి వెళ్లే కొద్దీ పేలిపోయేంతగా పెరిగే ముక్క. సౌర కుటుంబం కొత్తలో మిగిలిపోయిన శిథిలాలు కుండపోతగా పడిన కాలం అది. అంకెలు చూడండి. 300 కోట్ల ఏళ్ల నేలకు N(1) సుమారు 0.0026. 350 కోట్లకు 0.0048. 380 కోట్లకు 0.018. 400 కోట్లకు 0.063. చివరి యాభై కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్లేసరికి సాంద్రత పదమూడు రెట్లు పెరిగింది.

మన 0.00169 రెండో ముక్క ఒక్కటే పనిచేసే చోట పడుతుంది. కాబట్టి 0.000838తో భాగిస్తే చాలు. జవాబు 2.02. అంటే మన లావా సుమారు 202 కోట్ల ఏళ్ల కిందట పారింది.

ఇక దీన్ని ఎంత నమ్మాలి? 22 బిలాలు లెక్కపెట్టాం. ఇలాంటి యాదృచ్ఛిక సంఘటనల లెక్కలో సహజంగా వచ్చే ఊగిసలాట ఆ సంఖ్యకు వర్గమూలం. 22కు వర్గమూలం సుమారు 4.7, అంటే 21 శాతం. వయసులో అది 43 కోట్ల ఏళ్లు అటూ ఇటూ. ఈ తప్పును పది శాతానికి తగ్గించాలంటే వంద బిలాలు కావాలి, అందుకు నాలుగున్నర వేల చదరపు కిలోమీటర్లు కావాలి. ఒకే లావా అంత దూరం పరుచుకుని ఉండకపోతే పక్క లావాను కలుపుకోవలసి వస్తుంది, అప్పుడు రెండు వయసులు కలిసిపోతాయి. చిన్న సంఖ్యలతో సరిపెట్టుకోవాలా, కలగలిసిన నేలను ఒప్పుకోవాలా అన్నది ప్రతిచోటా వచ్చే సమస్య. నా మటుకు చిన్న సంఖ్యే మేలు, ఎందుకంటే దాని తప్పు ఎంతో మనకు తెలుసు.

ఇదే 20 శాతం తప్పు 400 కోట్ల ఏళ్ల నేల మీద వస్తే వయసులో తేడా సుమారు మూడు కోట్ల ఏళ్లే. అక్కడ గీత అంత నిటారుగా ఉంది. అందుకే చంద్రుడి పాత నేలలకు మధ్యవయసు నేలల కంటే ఖచ్చితమైన అంకెలు వేస్తారు. కానీ అది లెక్కింపు తప్పు మాత్రమే. గీతే కాస్త పక్కకి ఉంటే ఆ తప్పు అన్నిటికీ పాకుతుంది.

గీత విషయంలో యాభై ఏళ్లు నడిచిన చిక్కు ఒకటుంది. అపోలో, లూనా రాళ్లలో లావా రాళ్ల వయసులు దాదాపు 310 నుంచి 390 కోట్ల ఏళ్ల మధ్యే ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కసారిగా 80 కోట్లకు దూకాలి. అదీ కోపర్నికస్ బిలం వయసు, అపోలో 12 దిగిన చోట దొరికిన మట్టి ఆ బిలం నుంచి ఎగిరి వచ్చిందే అన్న ఊహ మీద. టైకో బిలానికి సుమారు 11 కోట్ల ఏళ్లు అన్నదీ అలాంటిదే. టైకో నుంచి ఎగిరిన శిథిలాలు అపోలో 17 దగ్గర ఒక కొండచరియను జార్చాయని అనుకుని కట్టిన వయసు. మధ్యలో రెండు వందల కోట్ల ఏళ్లకు పైగా ఒక్క చుక్క లేదు. గీతను ఆ ఖాళీలో తిన్నగా లాగారు. మన చదరం సరిగ్గా ఆ ఖాళీలోనే ఉంది.

2020 డిసెంబరులో చైనా చాంగ్ అ-5 నౌక చంద్రుడి వాయవ్య భాగంలో, ఓషియానస్ ప్రొసెల్లారమ్ అనే విశాల మైదానంలో, మాన్స్ ర్యూమ్‌కర్ అనే అగ్నిపర్వత గుట్ట దగ్గర దిగి 1,731 గ్రాముల మట్టి, రాళ్లు తెచ్చింది. ఆ చోటును ఎంచుకున్నదే బిలాలు తక్కువగా ఉన్నాయని. రాళ్లు రాకముందు వేర్వేరు బృందాలు అక్కడి బిలాలు లెక్కపెట్టి కట్టిన వయసులు ఎక్కువ భాగం 120 కోట్ల నుంచి 210 కోట్ల ఏళ్ల మధ్య పడ్డాయి. యురేనియం, సీసం పద్ధతిలో రాళ్లు చెప్పిన వయసు 203 కోట్ల ఏళ్లు. ఆ ఖాళీలో గీత తిన్నగానే ఉందని అప్పుడు తేలింది. అయితే నాకు దానికంటే ఆసక్తి కలిగించే సంగతి, అదే లావాను లెక్కపెట్టినవారి మధ్య దాదాపు రెట్టింపు తేడా ఎందుకొచ్చింది అన్నది. అందరూ వాడిన గీతలు ఇంచుమించు ఒకటే. తేడా వచ్చింది లెక్కలోకి ఏ బిలాలను తీసుకున్నారు, హద్దు ఎక్కడ గీశారు అన్నచోట.

అందుకని మళ్లీ మన చదరానికి వద్దాం. 22 అనే ఒక్క అంకెతో ఆగిపోతే మనం తప్పు చేశామో లేదో తెలుసుకునే దారి లేదు. మూడు పరిమాణాల్లోనూ లెక్కపెట్టి పక్కపక్కన పెట్టాలి. 202 కోట్ల ఏళ్ల శుభ్రమైన నేల అయితే మన చదరంలో కిలోమీటరు పైబడ్డవి ఒకటో రెండో, 500 మీటర్లు పైబడ్డవి 22, 250 మీటర్లు పైబడ్డవి సుమారు 277 ఉండాలి. నిజంగా 2, 22, 270 వచ్చాయనుకోండి, మూడూ ఒకే వయసు చెబుతున్నాయి కాబట్టి ధైర్యంగా రాయొచ్చు.

2, 22, 450 వచ్చాయనుకోండి. 250 మీటర్ల లెక్కను మాత్రమే నమ్మితే వయసు 310 కోట్లు. 277 రావలసిన చోట ఊగిసలాట 17 దాకా ఉండొచ్చు, 170 ఎక్కువ రావడం యాదృచ్ఛికం కాదు. చిన్నవి ఎక్కడి నుంచో అదనంగా వచ్చాయి. ఇవి పిల్ల బిలాలు. ఒక పెద్ద రాయి పడ్డప్పుడు ఎగిరిన బండరాళ్లు మళ్లీ కిందపడి చేసిన గుంటలు. అంతరిక్షం నుంచి వచ్చే రాయి చంద్రుణ్ణి సెకనుకు 20 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ వేగంతో కొడుతుంది. ఎగిరిపడే బండ వేగం సెకనుకు 2.4 కిలోమీటర్లు దాటకూడదు, దాటితే చంద్రుణ్ణి వదిలేసి పోతుంది. ఆ తక్కువ వేగం వల్ల దగ్గర్లో పడ్డ పిల్ల బిలాలు లోతు తక్కువగా, సాగినట్టుగా, గుంపులుగా ఉంటాయి. ముందు విడిగా గుర్తుపెట్టమన్నది వీటినే. దూరంగా పడేవి ఎక్కువ వేగంతో, ఒక్కొక్కటిగా పడి గుండ్రంగా ఉంటాయి, అచ్చం అసలు బిలాల్లాగే కనిపిస్తాయి. కంటితో వాటిని వేరుచేయలేం. వాటి జాడ తెలిసేది ఇలా 250 మీటర్ల దగ్గర లెక్క ఉబ్బడం వల్లనే.

ఎంత ఉబ్బుతుందో అంగారకుడి మీద జునిల్ అనే బిలం చూపించింది. దాని వ్యాసం పది కిలోమీటర్లే. 2005లో ఆల్‌ఫ్రెడ్ మెక్‌యువెన్ బృందం ఆ ఒక్క దెబ్బకు పది మీటర్ల నుంచి 200 మీటర్ల దాకా పరిమాణంలో దాదాపు కోటి పిల్ల బిలాలు పుట్టి ఉంటాయని లెక్క కట్టింది. కోటి గుంటలు ఒకే రోజు పుట్టాయి. అలాంటి నేల మీద చిన్న గుంటలు లెక్కపెట్టి వయసు కట్టడంలో అర్థం లేదు. అప్పటి నుంచి చిన్న బిలాల మీద మాత్రమే కట్టిన వయసులను ఈ రంగంలో అనుమానంగానే చూస్తున్నారు. నా అభిప్రాయం కూడా అదే. కొన్ని వందల మీటర్లు, ఆపైన ఉన్న బిలాలతో రాని వయసును పదుల మీటర్ల గుంటలతో రాబట్టకూడదు.

ఇంకో రకం చూడండి. 2, 22, 120. ఈసారి చిన్నవి తగ్గాయి. వాటి మీద వయసు కడితే 87 కోట్లు వస్తుంది. ఇక్కడ ముందు నేలను తప్పుపట్టకూడదు, ఫొటోను తప్పుపట్టాలి. మధ్యాహ్నపు ఎండలో తీశారేమో, పిక్సెల్ చాలదేమో చూడాలి. ఫొటో బాగుంటే అప్పుడు నేల వైపు చూడాలి. పక్కన పడ్డ పెద్ద బిలం నుంచి ఎగిరిన మట్టి కప్పేసి ఉండొచ్చు. అంతకంటే చిన్న పరిమాణాల్లో, వంద రెండొందల మీటర్ల దిగువన, చంద్రుడి పాత మైదానాల మీద మరో సంగతి జరుగుతుంది. గుంటలు అంత దట్టంగా ఉంటాయి కాబట్టి కొత్తది ఒకటి పడితే పాతది ఒకటి చెరిగిపోతుంది. ఆ స్థితికి వచ్చాక ఎంతకాలం గడిచినా లెక్క పెరగదు. అక్కడ కాలం లెక్కలోంచి జారిపోయినట్టే.

నాలుగో రకం అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇస్తుంది. 8, 28, 283 వచ్చాయి. కిలోమీటరు పైబడ్డవి రెండు ఉండాల్సిన చోట ఎనిమిది. కొత్తగా ఏర్పడిన బిలం అంచు చుట్టూ నేల కంటే ఎత్తుగా లేచి ఉంటుంది. ఆ ఎత్తు వ్యాసంలో సుమారు మూడున్నర శాతం. కిలోమీటరు బిలానికి 36 మీటర్లు, 500 మీటర్ల దానికి 18, 250 మీటర్ల దానికి 9. ఇప్పుడు పాత మైదానం మీద 25 మీటర్ల మందాన కొత్త లావా పారిందనుకోండి. చిన్న బిలాలన్నీ మునిగిపోతాయి. కిలోమీటరు బిలాల అంచులు వలయాల్లా పైకి తేలి ఉంటాయి. మనం వాటినీ లెక్కపెట్టేశాం.

మూడు పరిమాణాలనూ విడివిడిగా వయసులుగా మార్చండి. ఎనిమిదితో లెక్కిస్తే 364 కోట్లు. 28తో లెక్కిస్తే 257 కోట్లు. 283తో లెక్కిస్తే 206 కోట్లు. ఇందులో 364 పనికొచ్చే అంకె. పెద్ద బిలాలు ఏవీ మునగలేదు కాబట్టి అది కింది పాత మైదానం వయసు. సంఖ్య ఎనిమిదే కాబట్టి మోటు లెక్కే, కానీ అర్థమున్నది. 206 కూడా పనికొచ్చేదే, పైన పారిన లావా వయసు, పాతవి ఆరు కలిసినా 283లో అవి లెక్కకు రావు. మధ్యలో ఉన్న 257 కోట్ల ఏళ్ల కిందట అక్కడ ఏమీ జరగలేదు. అది రెండు వయసుల కలగాపులగం. ఎవరైనా 500 మీటర్ల లెక్క ఒక్కటే చేసి ఉంటే చక్కగా ఆ అంకె రాసి ఉండేవారు. పైగా వర్గమూలంతో చూస్తే తప్పు 19 శాతమే కనిపిస్తుంది. ఊగిసలాట లెక్క ఇలాంటి తప్పును పట్టుకోలేదు. పట్టించేది మూడు అంకెల వరస ఒక్కటే. లావా మందం కూడా 18, 36 మీటర్ల మధ్య ఎక్కడో ఉంటుందని దీంతోనే తెలుస్తుంది. డ్రిల్లింగ్ లేకుండా ఫొటో నుంచి మందం తెలియడం నాకు ఎప్పుడూ గొప్పగానే అనిపిస్తుంది.

(వెనుక వరసలోంచి ఒక ఉపాధ్యాయుడు: ఇదే సూత్రం అంగారకుడికి వాడొచ్చా అండీ?)

నేరుగా వాడకూడదండి. అంగారకుడికి గ్రహశకలాల వలయం దగ్గర. కాబట్టి ఒక్కో చదరపు కిలోమీటరుకు చంద్రుడి కంటే ఎక్కువ రాళ్లు పడతాయి. కానీ అవి వచ్చే వేగం తక్కువ, సెకనుకు పది కిలోమీటర్ల ప్రాంతంలో. అంగారకుడి గురుత్వం చంద్రుడికి రెట్టింపు పైనే. అదే రాయి అంగారకుడి మీద పడితే చిన్న బిలం అవుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి లాగి, చివరికి కిలోమీటరు పైబడ్డ బిలాలు అంగారకుడి మీద పుట్టే రేటు చంద్రుడిలో సుమారు సగమని 2001లో విలియం హార్ట్‌మన్, నాయ్‌కుమ్ కలిసి కట్టిన సూత్రం చెబుతుంది. అందులో రెండో ముక్క 8.38కు బదులు 4.13, మొదటి ముక్క 5.44కు బదులు 2.68. మన 0.00169నే అందులో పెట్టండి. జవాబు సుమారు 335 కోట్ల ఏళ్లు. చంద్రుడి మీద 202, అక్కడ 335. ఫొటోలో మాత్రం రెండు నేలలూ ఒకేలా కనిపిస్తాయి.

2013లో వచ్చిన సవరించిన సూత్రంతో అదే సాంద్రతకు 320 కోట్ల దాకా వస్తుంది. ఈ చిన్న తేడా చూసి నిశ్చింతగా ఉండకూడదు. అంగారకుడి మీద ఎన్ని రాళ్లు పడతాయన్నది కక్ష్యల లెక్కలతో కట్టిన అంచనా, రాళ్ల మీద నిలబెట్టినది కాదు. అందులో రెండు రెట్ల తప్పు ఉండొచ్చని దాన్ని కట్టినవారే చెబుతారు. గీత నిటారుగా ఉన్న పాత నేలల మీద ఆ తప్పు వయసును పెద్దగా కదపదు. లేత నేలల మీద, వంద కోట్ల ఏళ్లు అని చెప్పిన చోటు నిజానికి యాభై కోట్లదో రెండు వందల కోట్లదో కావచ్చు. ఒలింపస్ మాన్స్ శిఖరం మీది గోతుల అడుగు పదిహేను కోట్ల ఏళ్ల ప్రాంతంలోదని చదివినప్పుడు ఆ అంకె వెనక ఈ రెండు రెట్ల సంగతి ఉందని గుర్తుంచుకోవాలి. అక్కడ ఏ గోయి ముందు, ఏ గోయి తర్వాత అన్న వరస మాత్రం గట్టిగా నిలుస్తుంది, ఎందుకంటే ఒకే గీత మీద పోల్చుతున్నాం.

దీనికి తోడు గాలి, దుమ్ము. అంగారకుడి మీద చిన్న బిలాలను దుమ్ము పూడుస్తుంది, గాలి మళ్లీ తవ్వితీస్తుంది. పర్సివరెన్స్ రోవర్ 2021 ఫిబ్రవరిలో దిగిన జెజెరో బిలం అడుగునే చూడండి. అక్కడి నల్లటి నేలకు ఒక బృందం 345 కోట్లు, ఇంకో బృందం 260 కోట్లు, మరోటి 140 కోట్లు అని కట్టాయి. ఎంచుకున్న హద్దులు వేరు, లెక్కలోకి తీసుకున్న పరిమాణాలు వేరు, చెరిగిపోయిన బిలాల గురించి చేసిన ఊహలు వేరు. ఆ నేల లావాదేనని రోవర్ అక్కడ దిగాక తేల్చింది. దాని ముక్కలు గొట్టాల్లో మూసి సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఒక్కటి ప్రయోగశాలకు చేరితే అంగారకుడి గీతకు మొదటి చుక్క దొరుకుతుంది. అప్పుడు మిగతా గ్రహమంతటి లేత నేలల వయసులనూ తిరిగి లెక్కించాల్సి ఉంటుంది.

(ముందు వరసలోని విద్యార్థి: మేం కాలేజీ ల్యాబ్‌లో చేయాలంటే ఏం కావాలి సార్?)

మామూలు కంప్యూటర్ చాలు బాబూ. ఫొటోలు ఉచితంగా దొరుకుతాయి. ఎల్‌ఆర్‌ఓ చిత్రాలు QuickMap పేజీలో నేరుగా చూసి దించుకోవచ్చు. లెక్కింపుకు QGISలో OpenCraterTool అనే చేర్పు ఉంది. మూడు చుక్కలతో వృత్తం గీసి, మ్యాప్ వంకర వల్ల వ్యాసంలో వచ్చే తేడాను అదే సరిచేస్తుంది. ఆ సవరణ లేకుండా ధ్రువాల వైపు నేలను మామూలు మ్యాప్ మీద కొలిస్తే బిలాలు తూర్పు పడమరలకు సాగిపోయి వ్యాసాలన్నీ పెరిగిపోతాయి. లెక్క ఫైలును craterstats అనే ప్రోగ్రాముకు ఇస్తే గీత మీద పెట్టి వయసు చెబుతుంది.

కానీ ప్రోగ్రాముకు ఇచ్చే ముందు ఇలా చేయండి. ముగ్గురు విద్యార్థులు ఒకే హద్దు, ఒకే ఫొటో తీసుకుని ఒకరిదొకరు చూడకుండా 300 మీటర్లు పైబడ్డవి లెక్కపెట్టండి. అనుభవజ్ఞుల మధ్య కూడా ఒకే ఫొటో మీద పదుల శాతంలో తేడా వస్తుంది, కాబట్టి మీ ముగ్గురికీ తేడా వస్తే కంగారుపడకండి. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్నది పక్కన పెట్టి, ఒకరు గీసి ఇద్దరు గీయని వృత్తాలను తెర మీద ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. అవి దాదాపు అన్నీ బాగా అరిగి అంచు కరిగిపోయిన పాత బిలాలే అయి ఉంటాయి. ఎంత అరిగితే బిలంగా లెక్కించాలి అన్నది ముగ్గురూ మాట్లాడుకుని, ఒక కాగితం మీద రాసుకుని, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టండి.